ఈ సైంటిస్టుల కథలన్నీ ఒక్కతీరుగనే ఉంటయ్ అంటుండు మా పోరడు

"అన్నా నమస్తే. మాది హన్మకొండ. మా బాబుకు పన్నెండేండ్లు, ఏడో తరగతి. ఇంట్ల ఏది కనబడ్డా ఇప్పుతడు, మొన్న కూలర్ పంపు ముక్కలు ముక్కలు చేసి పెట్టిండు. ఇష్టం ఉన్నది కదా అని సైంటిస్టుల జీవిత చరిత్రల సెట్టు ఒకటి కొనిచ్చిన. నాలుగు చదివి పక్కకు పడేసిండు, 'అందరు పేదోళ్ళే, అందరు కష్టపడ్డరు, అందరు గొప్పోళ్ళయిండ్రు, మిషన్ ఎట్ల పని చేస్తదో ఎవ్వడు చెప్తలేడు' అంటుండు. ఏం పుస్తకాలు కొనాలె? తెలుగుల కొనాలెనా ఇంగ్లీషుల కొనాలెనా?"

చెల్లె, మీవోడు చెప్పింది కరెక్టే, నాలుగు పుస్తకాలకే కనిపెట్టిండంటే మంచిగనే చదివిండు. ఆ సెట్లల్ల ఒక్కో మనిషికి ఎనిమిది పేజీలు ఇస్తరు, దాంట్ల పుట్టుక, బడి, పేదరికం, చివరికి సన్మానాలు, ఇవన్నీ పోంగ మిషన్‌కు మిగిలేది ఒక్క లైను, "ఎన్నో ప్రయోగాలు చేసి చివరకు విజయం సాధించాడు" అని. మీవోనికి కావాల్సింది ఆ "ఎన్నో ప్రయోగాలు" అన్న కాడ ఏం జరిగిందన్నది, గదే వాళ్ళు కోసేసిండ్రు.

గందుకే ఇంకో సెట్టు కొనకు. ఒక్క మనిషిని పట్టుకోండి, నన్నడిగితే జేమ్స్ వాట్. నేను థర్మల్ ప్లాంటుల టర్బైన్ దిక్కు చాన ఏండ్లు చేసిన కాబట్టి ఆయన మీద నాకు జర పక్షపాతం ఉంటది అనుకో, కానీ ఇంకో కారణం కూడా ఉన్నది, ఆయన చేసిన పనిల సగం మీ వంటింట్ల చేసి చూడొచ్చు, మిగిలిన సగం రామగుండంల ఇప్పటికీ నడుస్తున్నది.

మీ సెట్టుల వాట్ ఉంటే అందుల కెటిల్ కథ ఉండి ఉంటది, చిన్న పిల్లగాడు పొయ్యి మీద కెటిల్ మూత ఎగురుడు చూసిండు, ఆవిరికి బలం ఉందని తెలుసుకొని ఇంజన్ కనిపెట్టిండు అని. చిన్నప్పుడు చాయ కెటిల్ ముంగట గంట సేపు కూసుంటే వాళ్ళత్త తిట్టిందని చుట్టాలల్ల ఒకామె చాన ఏండ్లకు గుర్తు చేసుకొని రాయించింది, అంత వరకే. వాట్ పుట్టింది 1736ల, ఆవిరి ఇంజన్ అంతకు ముందే, 1712ల, న్యూకమెన్ అనే ఆయన ఇంగ్లండుల ఒక బొగ్గు గని కాడ బిగించిండు, గనిల ఊరిన నీళ్ళు తోడిపోసేటందుకు. మన సింగరేణిల పని చేసినోళ్ళను అడుగు, గనిల బొగ్గు తవ్వుడు ఒక పని అయితే ఊరే నీళ్ళు ఎత్తిపోసుడు ఇంకో పని, ఆ రోజులల్ల గుర్రాలతోటి తోడేది.

అసలు కథ 1763ల మొదలైతది. వాట్ అప్పుడు గ్లాస్గో యూనివర్సిటీల చిన్న వర్క్‌షాప్ పెట్టుకొని తరాజులు, కొలత పరికరాలు రిపేర్ చేసే మెకానిక్, ప్రొఫెసర్ కాదు. క్లాసుల పిల్లలకు చూపించే న్యూకమెన్ ఇంజన్ బొమ్మ ఒకటి ఖరాబైతే ఈయనకు తెచ్చిచ్చిండ్రు. సిలిండర్ అడ్డం రెండంగుళాలే, అంటే మన చాయ గ్లాసు అంత. మంచిగ చేసి నడిపిస్తే నాలుగైదు సార్లు పైకి కిందికి ఊగి ఆగిపోతున్నది, బాయిలర్ల ఆవిరి అయిపోతున్నది. లెక్క ప్రకారం ఆ బాయిలర్ సరిపోవాలె. మరి ఆవిరి ఎటు పోతున్నది? వాట్ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడ్డదంటే అబద్ధం కాదు. పుస్తకంల ఈ బొమ్మ రిపేర్ సంగతి లేకపోతే అది వాట్ పుస్తకమే కాదనుకో.

ఇక్కడ పుస్తకం మూసేసి మీవోనితోటి ఒక పని చేయించు, నువ్వు పక్కన ఉండాలె. ఖాళీ కూల్‌డ్రింక్ టిన్ను తీసుకొని, అల్యూమినియందే, రెండు చెంచాల నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టుండ్రి. నోట్లకెళ్ళి తెల్లగ ఆవిరి జోరుగ రావాలె, వచ్చినంక ఇంకో నిమిషం ఆగుండ్రి, లోపలి గాలి మొత్తం బయటికి పోవాలె కదా. అప్పుడు పట్కారుతోటి పట్టుకొని టబ్బుల ఉన్న చల్లటి నీళ్ళల్ల నోరు కిందికి చేసి ఒక్కసారి ముంచాలె. టప్పున సప్పుడొచ్చి టిన్ను నలిగిపోతది. నలగకపోతే రెండే కారణాలు, ఆవిరి చాలినంత సేపు రానియ్యలేదు లేకుంటే ముంచేటప్పుడు నోరు నీళ్ళ మీదికి ఉండి గాలి లోపలికి పోయింది.

ఎవరు నలిపిండ్రు అని అడుగు వాణ్ణి. ఆవిరి అంటడు. ఆవిరైతే ఉబ్బాలె గానీ నలగొద్దు కదా. లోపల ఆవిరి నీళ్ళయిపోయింది, ఆ జాగ ఖాళీ అయింది, బయట గాలి నలిపింది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటర్ మీద కిలో బరువంత ఒత్తుతది. న్యూకమెన్ ఇంజన్ అచ్చం ఇదే, సిలిండర్ల ఆవిరి నింపుడు, లోపల చల్ల నీళ్ళు చల్లుడు, ఆవిరి నీళ్ళయితది, పైన ఉన్న పిస్టన్‌ను గాలి కిందికి దొబ్బుతది, అవుతలి దిక్కు పంపు కడ్డీ పైకి లేస్తది. అంటే ఈ న్యూకమెన్ ఆవిరి ఇంజన్ల పని చేసేది గాలి, ఇది తెల్వక పెద్దోళ్ళు కూడా ఆవిరి నెట్టుతది అనుకుంటరు, నేను కూడా కొలువు దొరికేదాంక అట్లనే అనుకున్న.

ఇప్పుడు తప్పు ఎక్కడున్నదో వాడే పట్టుకుంటడు చూడు. టిన్ను చల్లగయింది కదా, మళ్ళ దాంట్లనే ఆవిరి నింపాలంటే? ముందు ఆ రేకు వేడెక్కాలె, అప్పటిదాంక వచ్చిన ఆవిరి వచ్చినట్టే నీళ్ళయిపోతది. న్యూకమెన్ సిలిండర్‌ను ఒక్కొక్క ఊపుకు వేడి చేసుడు, చల్లార్చుడు, మళ్ళ వేడి చేసుడు. వచ్చిన ఆవిరిల దగ్గర దగ్గర ముప్పావు వంతు సిలిండర్ ఇనుమును కాపేటందుకే పోతున్నదని వాట్ లెక్క తీసిండు. బొమ్మల ఇంకెక్కువ, ఎందుకంటే చిన్న సిలిండర్ల పట్టే ఆవిరి తక్కువ, దాని చుట్టూ గోడ ఎక్కువ, అందులో అది ఇత్తడి, ఇనుము కన్న జల్ది వేడి గుంజుతది.

ఇక్కడనే నిజం కెటిల్ వస్తది, ఏండ్లు ఇరవై ఏడు ఇరవై ఎనిమిది ఉన్నప్పుడు. కెటిల్ ముక్కుకు గొట్టం పెట్టి ఆవిరిని చల్లటి బావి నీళ్ళలకు పంపిండు, నీళ్ళు మసిలేదాంక. ఎన్ని నీళ్ళు పెరిగినయ్ అని తూసి చూస్తే ఆరో వంతే. అంటే ఒక్క వంతు ఆవిరి నీళ్ళయితే ఆరు వంతుల చల్ల నీళ్ళను మసిలిస్తది. నమ్మబుద్ధి కాలేదు ఆయనకు. పోయి జోసెఫ్ బ్లాక్ అనే ప్రొఫెసర్‌ను అడిగితే, నేను దీన్ని క్లాసుల చెప్తున్న కదా అన్నడట, దాన్నే ఇప్పుడు పుస్తకాలల్ల గుప్తోష్ణం అంటరు.

గొట్టం పెట్టి ఆవిరి పంపుడు మాత్రం ఇంట్ల వద్దు, చేతులు కాలుతయ్. బ్లాక్ చేసినట్టు గడియారంతోటి చేయుండ్రి. చిన్న గిన్నెల 200 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి పోసి, మంట ఒక్క తీరుగ పెట్టి, మసిలేటందుకు ఎంత సేపు పట్టిందో రాయాలె. మంట అసలు ముట్టుకోవద్దు. అట్లనే మసలనిచ్చి 100 మిల్లీలీటర్లు మిగిలేటందుకు ఎంత సేపు పట్టిందో చూడాలె, ఇంకుడు పోనియ్యొద్దు గిన్నె మాడుతది. మన నీళ్ళు 30 డిగ్రీలు ఉన్నయనుకుంటే గ్రాము నీళ్ళు మసిలేటందుకు 70 క్యాలరీలు, ఆ గ్రాము ఆవిరయ్యేటందుకు 540, అంటే దగ్గర దగ్గర ఎనిమిది రెట్లు. మనం సగమే ఆవిరి చేస్తున్నం కాబట్టి మొదటి టైముకు నాలుగింతలు పట్టాలె, మూడు నిమిషాలల్ల మసిలితే ఇంకో పదకొండు పన్నెండు నిమిషాలన్నట్టు. కరెక్టుగ అంతే రాదు, ఫ్యాన్ గాలి తగిలినా గిన్నె పెద్దగున్నా మారుతది, మూడు నాలుగు సార్లు చేసి చూడమను. ఇంకో మాట, వాట్‌కు ఆరు వచ్చింది మనకు ఎనిమిది ఎందుకొస్తుందని వాడడిగితే సంతోషపడు, గ్లాస్గో బావి నీళ్ళు చల్లగుంటయ్, 10 డిగ్రీలు అనుకుంటే గ్రాముకు 90 క్యాలరీలు కావాలె, 540ని 90తోటి భాగించుమను.

1765ల ఒక ఆదివారం పూట గ్లాస్గోల మైదానం మీద నడుచుకుంట పోతుంటే వాట్‌కు తట్టింది, సిలిండర్‌ను ఎందుకు చల్లార్చుడు, పక్కన ఇంకో డబ్బా పెట్టి దాన్ని ఎప్పుడు చల్లగనే ఉంచి, దాంట్లకెళ్ళి గాలి తీసేస్తే, ఆవిరి తనంతల తనే అందులకు ఉరుకుతది కదా, సిలిండర్ ఎప్పుడు వేడిగనే ఉంటది. ఆ రెండో డబ్బానే కండెన్సర్. ఐడియా అంతే. దాదాపు అన్ని పుస్తకాలు ఇక్కడ డప్పు కొట్టి, పేజీ తిప్పితే ఫ్యాక్టరీలు, డబ్బులు, విగ్రహాలు.

కానీ ఆ ఇంజన్ గని కాడ మంచిగ నడిచింది ఎప్పుడో తెలుసా, 1776ల. పదకొండేండ్లు! ఆ పదకొండేండ్లే మీవోడు చదవాల్సింది.

ఏం అడ్డం వచ్చిందంటే, సిలిండర్ గుండ్రంగ లేకపోవుడు. ఇంత చిన్న సంగతే. న్యూకమెన్ ఇంజన్ల సిలిండర్ వంకరటింకర ఉన్నా నడిచేది, ఎందుకంటే పిస్టన్ మీద ఇన్ని నీళ్ళు పోసిపెట్టేది, సందులల్లకెళ్ళి గాలి పోకుంట ఆ నీళ్ళే అడ్డం. వాట్ నీళ్ళు పోయలేడు కదా, పోస్తే సిలిండర్ చల్లారుతది, ఐడియా మొత్తం మట్టి కలుస్తది. అంటే ఈయన కనిపెట్టిన దాంతోనే కొత్త కష్టం పుట్టింది. సందులు మూసేటందుకు గుడ్డ, కార్క్, కాగితం, ఆఖరికి గుర్రపు పెండ కూడా పెట్టి చూసిండు, ఆవిరి లీకయితనే ఉన్నది. ఈ లోపల పెండ్లి, పిల్లలు, డబ్బుల్లేవు, కాలువలు తవ్వేటోళ్ళకు సర్వే పని చేసిండు ఏండ్ల తరబడి. 1769ల పేటెంటు వచ్చింది గానీ ఇంజన్ రాలేదు. డబ్బులు పెట్టిన రోబక్ దివాలా తీసిండు, 1773ల భార్య చచ్చిపోయింది.

తాళం తీసింది ఇంకో ఆయన, జాన్ విల్కిన్సన్, ఫిరంగులు చేసేటోడు. అప్పటిదాంక సిలిండర్ లోపల చెక్కే కడ్డీ ఒక్క దిక్కే పట్టుకొని ఉండేది, అవుతలి కొస బరువుకు కిందికి వాలి సిలిండర్ ఎట్లుంటే అట్ల వంకరగ కోసేది. విల్కిన్సన్ కడ్డీని సిలిండర్ల ఈ కొస నుంచి ఆ కొసకు దూర్చి రెండు దిక్కుల ఆధారం పెట్టిండు, ఇగ వాలేది లేదు. 50 అంగుళాల సిలిండర్ల కూడా షిల్లింగు బిళ్ళ మందం అంత తేడా లేదని వాట్ పార్ట్‌నర్ బౌల్టన్ రాసుకున్నడు. అప్పుడు నడిచింది ఇంజన్. హన్మకొండల ఏదన్న లేత్ వర్క్‌షాపుకు మీవోణ్ణి తోలుకపోయి, పొడుగు కడ్డీ పెట్టి బోరింగ్ కొడుతుంటే ఎందుకు వణుకుతదో అడగమను, ఆ మేస్త్రి చెప్పే జవాబు ఏ పుస్తకంల దొరకది.

మరి పుస్తకం ఎట్ల ఎంచుకోవాలె అంటే నాకు ఒక్కటే పరీక్ష. షాపులనో లైబ్రరీలనో పుస్తకం ఇప్పి, 1765కు 1776కు నడుమ ఎన్ని పేజీలున్నయో లెక్క పెట్టుండ్రి. ఒక్క పేరా ఉంటే అక్కడనే పెట్టేసి రాండ్రి. పది పదిహేను పేజీలుండి, విల్కిన్సన్ పేరుండి, సిలిండర్ పక్కన వేరే కండెన్సర్ కనబడే బొమ్మ ఉంటే కొనుండ్రి. ఇంకో ఇషయం, మంచి పుస్తకం వాట్ సతాయింపులు కూడా చెప్తది, 1800 దాంక పేటెంటు పొడిగించుకొని పక్కోళ్ళ మీద కేసులేసిండు, ఎక్కువ ప్రెషర్ ఆవిరి ప్రమాదమని వద్దన్నడు, తర్వాత వచ్చిన రైలింజన్లు అన్ని ఆ ఎక్కువ ప్రెషర్ మీదనే నడిచినయ్. వాడికి ఇది తెల్వాలె, లేకుంటే మళ్ళ అందరు దేవుళ్ళే అంటడు.

ఇదే పరీక్ష వేరేటోళ్ళకు పనికొస్తది, నడుమ ఏండ్లు పట్టుకోవాలె అంతే. రైట్ బ్రదర్స్‌ల అయితే 1901 చలికాలం, గ్లైడర్ లెక్క తప్పిందని చెక్క డబ్బాల ఫ్యాన్ పెట్టి, రేకుతోటి రెండు వందల దాంక రెక్క ఆకారాలు చేసి గాలికి పెట్టి చూసిండ్రు, అది లేకుంట డైరెక్టుగ 1903 విమానం ఎగిరితే ఆ పుస్తకం దండుగ. ఫారడేల అయితే 1821కి 1831కి నడుమ, కరెంటుతోటి తీగ తిరుగుడు చూసిండు, అయస్కాంతంతోటి కరెంటు పుట్టిచ్చేటందుకు ఇంకో పదేండ్లు పట్టింది, కూలర్ పంపు ఇప్పినోనికి వాట్ తర్వాత ఫారడేనే ఇయ్యాలె. మిగిలినోళ్ళు తర్వాత చూద్దాం.

తెలుగా ఇంగ్లీషా అన్నవు. తెలుగుల చిన్న పిల్లల కోసం వచ్చేటియి ఎక్కువగ నేను చెప్పిన ఎనిమిది పేజీల బాపతే, వెతికితే ఒకటో రెండో మంచియి దొరుకుతయ్, పరీక్ష పెట్టి చూడు. ఇంగ్లీషుల పెద్దోళ్ళ కోసం రాసిన లావు పుస్తకం దొరికితే భయపడకు, మొత్తం చదవాల్సిన పని లేదు. పుట్టిన ఊరు, తాత ముత్తాతలు దాటేసి, ఆ బొమ్మ రిపేర్‌కు వచ్చిన కాడికెళ్ళి గనిల ఇంజన్ నడిచిన దాంక రెండు మూడు చాప్టర్లు చదవమను, నువ్వు వంట చేసుకుంట ఉంటే గట్టిగ చదివి తెలుగుల చెప్పమను. వాడు తెలుగుల చెప్పలేకపోతే అక్కడ అర్థం కాలేదన్నట్టు, బొమ్మ గీసి చూపియ్యమను, గీతల తేడా దొరికిపోతది.

సెలవులల్ల రామగుండం దిక్కో భూపాలపల్లి దిక్కో పోతే థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్లు రోడ్డు మీదికెళ్ళే కనబడ్తయ్. వాటి మీదికెళ్ళి వచ్చే తెల్లటిది పొగ అంటరు అందరు, పొగ పొడుగు చిమ్నీలకెళ్ళి వస్తది, ఇది నీటి ఆవిరి, కండెన్సర్‌ను చల్లార్చి వచ్చిన నీళ్ళు ఇక్కడ చల్లబడ్తుంటయ్. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి కింద కండెన్సర్ల పడ్తది, దాంట్ల వేల సన్న గొట్టాలు, గొట్టాలల్ల చల్ల నీళ్ళు. లోపల ప్రెషర్ బయటి గాలిల పదో వంతు అట్ల ఉంచుతరు. ఎక్కడన్న సందుల గాలి దూరితే, లేకుంటే ఎండకాలం నీళ్ళు వేడెక్కితే, వాక్యూమ్ పడిపోతది, మెగావాట్లు తగ్గుతయ్. నేను కొత్తగ చేరినప్పుడు ఒక రాత్రి డ్యూటీల మేమందరం ఒక వాల్వ్ కాడ గాలి గుంజుడు దొరకబట్టేటందుకు మైనం ఒత్తి దీపం పట్టుకొని మంట ఎటు వంగుతదో చూసుకుంట తెల్లారేదాంక తిరిగినం. వాట్ గుర్రపు పెండ పెట్టిన కథ నేను చదివింది ఆ తర్వాతనే, చదివి మస్తు నవ్వొచ్చింది.

ఆఖరికి, మీవోడు "అందరు బయటి దేశపోళ్ళేనా" అని అడుగుతడు, అడిగితే ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం సంగతి చెప్పు. ఆరో తరగతిలనే చదువు ఆగింది, పోచంపల్లి పట్టు చీరలకు ఆసు పోసుడు ఉంటది, అర్ధచంద్రం లెక్క మేకులున్న చట్రం మీద దారాన్ని చెయ్యి చాపుకుంట వేల సార్లు అటు ఇటు తిప్పాలె, వాళ్ళమ్మ లక్ష్మికి భుజాలు పడిపోతున్నయని 1992ల మిషన్ మొదలుపెట్టిండు, 1999ల అయింది. 2017ల పద్మశ్రీ వచ్చింది, ఆ ముక్క అన్ని కాడ ఉంటది. ఆయన మీద ఏ పుస్తకం దొరికినా, ఏ పేపర్ కటింగ్ దొరికినా, 1992కు 1999కు నడుమ దారాన్ని మేకు మీద ఎక్కించే ముక్క కాడ ఎన్నిసార్లు ఎట్ల చెడిపోయిందో ఉన్నదా లేదా చూడమను. వీలైతే ఒక ఆసు చట్రం చూపించి, ఆ దారాన్ని చేతితోటి నూరు సార్లు తిప్పమను, తర్వాత కాగితం మీద మిషన్ గీయమను.